కోరాము కింద లింకు

మా పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకని అడిగితే మా వాళ్ళలో కొందరు నా నోరు మంచిది కాదంటారు, కొందరు నా పంతం అంటారు. రెండూ కాదు. కొబ్బరి కోరే ఒక పరికరం, దాని కోసం మా వీడియో కింద పెట్టిన ఒక లింకు, ఆ లింకు గురించి నేను నోటితో చెప్పిన రెండు వాక్యాలను నాకు తెలియకుండా కోసెయ్యడం. జరిగింది ఇదీ. మొదటినుంచీ చెబుతాను.

మా నాన్న కొబ్బరికాయల దళారీ. తొంభైల్లో రాజోలు చుట్టుపక్కల ఏ తోటలో కాయల దింపు అయినా, రైతుకీ మలికిపురం వర్తకుడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. రాశి పక్కన నిలబడి, ధర మాట ఎత్తకముందే, ఇద్దరికీ వినబడేలా గట్టిగా ఒక మాట అనేవాడు. "నాకు మీ ఇద్దరి దగ్గరా కమీషను వస్తదండి. అది తెలిసే నా మాట వినండి, నచ్చకపోతే మానెయ్యండి." ప్రతి తోటలో, ప్రతిసారీ, ఎరిగినవాళ్ళ దగ్గరైనా అదే మాట. తోటి దళారులు నవ్వేవాళ్ళు. మా మేనమామ ఒకడు భోజనాల దగ్గర అందరిముందూ, "మా బావగారు ఆకలేస్తే కూడా ముందు నోటీసు ఇచ్చి తింటాడండి" అన్నాడు. అక్కడున్నవాళ్ళు ఎంతసేపు నవ్వారో నాకు గుర్తే. నాన్న తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. ఆ మేనమామ ఇంటికి నేను తర్వాత ఏ శుభకార్యానికీ వెళ్ళలేదు.

అమ్మకి ఆరోగ్యం బాగుండేది కాదు. అందుకని నా చిన్నతనం చాలావరకు మురమళ్ళలో పెద్దమ్మ దగ్గర గడిచింది. ఆవిడ అమ్మకి అక్క. కోరాము పీట మీద ఒక కాలు మడిచి కూర్చుని, చిప్పని తిప్పుతూ, నలుపు పొర తగలకుండా తెల్లటి కోరు తియ్యడం నాకు ఆవిడే నేర్పింది. "నల్లది పడితే పచ్చడి రంగు పోద్దే, చెయ్యి తేలిగ్గా ఆడించు" అనేది. నాకు చేతనైన వంటంతా ఆ పీట పక్కన నేర్చుకున్నదే.

రెండువేలు దాటాక నా పెళ్ళయింది. మావారు కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వచ్చేవారు. అత్తవారింట్లో నేనూ, అత్తగారూ, మా మరిదీ. మరిదికి పెళ్ళయ్యాక నా తోడికోడలు వచ్చింది. అమలాపురంలో డిగ్రీ చదివింది. కంప్యూటర్ వచ్చు. మాటకి మాట తడుముకోకుండా చెప్పే పిల్ల. నన్ను అక్కా అని పిలిచేది. ఆ పిలుపులో గౌరవం ఎంతుందో, పని చేయించుకునే ఉపాయం ఎంతుందో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఫోనుల్లోకి నెట్టు వచ్చింది తర్వాతి దశాబ్దంలో. గల్ఫులో ఉన్న మా వీధి మగవాళ్ళకి వంట రాదు. ఒకళ్ళు ఫోను చేసి పులస పులుసు ఎలా పెట్టాలంటారు, ఇంకొకళ్ళు పనసపొట్టు కూర అంటారు. చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. "చెప్పడం ఎందుకక్కా, తీసి పెట్టేద్దాం" అంది తోడికోడలు. అలా మొదలయ్యాయి మా వీడియోలు. చేతులూ గొంతూ నావి. తీసేదీ, అతికేదీ, నెట్టులో పెట్టేదీ తను.

కొన్నాళ్ళకి జనం పెరిగారు. వీడియో కింద అడగడం మొదలెట్టారు. ఆ మూకుడు ఎక్కడ కొన్నారండీ, ఆ గరిటె ఏ కంపెనీదండీ అని. అప్పుడు తోడికోడలు ఒకరోజు వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుని చెప్పింది.

"అక్కా, నెట్టులో సరుకు అమ్మే పెద్ద షాపులుంటాయి కదా. మనం వాళ్ళ దగ్గర పేరు నమోదు చేసుకుంటే మన గుర్తుతో ఒక లింకు ఇస్తారు. ఆ లింకు మన వీడియో కింద పెడతాం. ఎవరైనా దాన్ని నొక్కి వెళ్ళి కొంటే మనకి కొంచెం వాటా."

"కొన్నవాళ్ళకి ధర పెరుగుద్దా?"

"పెరగదు. వాళ్ళకి మామూలు ధరే. షాపువాడు తన లాభంలోంచి మనకిస్తాడు."

"అంటే దళారీ కమీషనే."

"ఛీ, అలా అనకక్కా. దీన్ని అఫిలియేట్ అంటారు."

నేను కమీషనే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. తప్పు పని అని నేననలేదు. మా నాన్న బతికింది దానిమీదే, నేను తిన్నదీ దానిమీదే. కానీ నాన్న ఎలా చేశాడో అలాగే చెయ్యాలన్నాను. మన ఇంట్లో ఒక వానాకాలం దాటి వాడిన వస్తువుకి తప్ప లింకు పెట్టకూడదు. దానిలో లోపం ఉంటే వీడియోలోనే చెప్పాలి. మనకి కమీషను వస్తుందని వంట మొదలుపెట్టకముందే తెలుగులో నోటితో చెప్పాలి, వీడియో కింద మొదటి వరసలో, లింకుకి పైన, రాయాలి.

"మొదటి వరసలోనా?" అంది.

"మొదటి వరసలోనే."

ఎందుకు పట్టుబట్టానంటే, వీడియో కింద పైనున్న రెండు వరసలే కనబడతాయి. మిగతాదంతా వేలు పెట్టి తెరిస్తే తప్ప కనబడదు. తెరిచే ఓపిక ఎవరికుంటుంది? అడుగున రాయడం అంటే రాయకపోవడమే. తను "ఆయ్, అలాగేనక్కా" అంది. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. నేను నమ్మాను.

కొబ్బరి పచ్చడి వీడియో దగ్గర ఒక చిక్కు వచ్చింది. నేను వాడేది తీర్థంలో, అంటే మా వైపు జాతరలో, కొన్న కోరాము పీట. కమ్మరి చేసింది. దానికి నెట్టులో షాపూ లేదు, లింకూ లేదు. కువైట్‌లో గదిలో ఉండేవాళ్ళు, హైదరాబాద్‌లో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు పీట మీద కూర్చోలేరు కదా అని నిలబడి కోరే పరికరాలు రెండు తెప్పించాం. ఒకటి అంచుకి మర బిగించేది. రెండోది అడుగున రబ్బరు ఉండి, మీట వంచితే గట్టుని పీల్చి పట్టుకునేది. రెండింటినీ జూన్‌లో మొదలుపెట్టి వానలు తగ్గేదాకా వాడాను. రబ్బరుది పొడి గట్టు మీద బాగానే ఉంటుంది. కొబ్బరినీళ్ళు కాస్త కారాయా, చెప్పాపెట్టకుండా ఊడి వస్తుంది. మర బిగించేదానికీ ఒక లోపం ఉంది. మందపు గట్టుకి పట్టదు, బల్ల అంచు కావాలి. కానీ ఊడదు.

వీడియోలో మొత్తం చెప్పాను. మొదట, "మేము కింద పెట్టే లింకు నొక్కి మీరు కొంటే మాకు కమీషను వస్తుందండి. అది తెలిసే నా మాట వినండి" అన్నాను. తర్వాత రబ్బరుది కొనొద్దన్నాను, మర బిగించేది కొనమన్నాను, అది ఎక్కడ పట్టదో కూడా చూపించాను. వీలైతే తీర్థంలో పీటే కొనుక్కోమన్నాను. ఆఖరి మాటకి తోడికోడలు కెమెరా వెనకనుంచి మొహం చిట్లించింది.

ఆ వీడియో బాగా వెళ్ళింది. అంతలో పెద్దమ్మ ఫోను చేసింది. మనవరాలి ఫోనులో నా వీడియోలన్నీ చూసేది.

"ఏమే, కోరాము భలే చూపించేవే. నాకు మోకాళ్ళు వంగట్లేదు. ఆ నిలబడి కోరేది నాకొకటి తెప్పించు."

"మీ మనవరాలిని ఆర్డరు పెట్టమనండి పెద్దమ్మా, కింద లింకు ఉంది."

"లింకులూ గింకులూ నాకెందుకే. నువ్వున్నావు కదా. నువ్వు చెప్పింది నువ్వే పంపు. డబ్బులు బస్సులో ఎవరిచేతైనా ఇచ్చి పంపిస్తా."

మా వైపు ఇదే పద్ధతి. బంధువుల్లో తెలిసినవాడు ఒకడుంటే అందరి పనీ వాడిచేతే. కార్డు మాదే, ఆర్డరు మాదే. పిన్నిగార్లూ, వదినలూ, పక్కింటివాళ్ళూ అందరూ "నువ్వే పెట్టెయ్యమ్మా" అనేవారు. మేము పెట్టేవాళ్ళం. తోడికోడలు తన ఫోనులో మా లింకే నొక్కి, అందులోంచే అందరికీ తెప్పించేది. పెద్దమ్మదీ అలాగే పెట్టింది. వస్తువు నేరుగా మురమళ్ళ వెళ్ళింది. నేను చూడలేదు.

ఆ తర్వాత మా చుట్టాలింట్లో కొత్తపేటలో గృహప్రవేశం. పెద్దమ్మ కుడిచేతి రెండు వేళ్ళకి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఏమైందంటే చెయ్యి చెంగు కింద పెట్టుకుంది. భోజనాలయ్యాక పందిట్లో ఆడవాళ్ళమంతా కూర్చున్నాం. వరసకి బాబాయి అయ్యే ఒకాయన, విశాఖలో ఉద్యోగం, ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు.

"అమ్మాయ్, మీ వీడియో చూశానమ్మా. వంట మా బాగా చేశావు. దుకాణం ఇంకా బాగా పెట్టావు."

"దుకాణం ఏంటి బాబాయ్?"

"అదేనమ్మా, అడుగున ఇంగ్లీషులో సన్నంగా రాసేరుగా. లింకు నొక్కి కొంటే వీళ్ళకి కమీషను ముడుతుందని. ఎక్కడుందా అని వేలుతో లాక్కుని లాక్కుని వెళితే దొరికింది. నూతిలో బిందె పడ్డట్టు అడుక్కి పోయింది."

కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఒక వదిన, "అయితే మాకు తెప్పించిన మూకుళ్ళన్నిటికీ నీకు వాటానా వదినా? మేము అభిమానంతో అనుకున్నాం సుమా" అంది.

"మొదట్లోనే నోటితో చెప్పాను వదినా, వీడియోలో" అన్నాను.

"ఏదీ, ఎక్కడ?" అని బాబాయి వీడియో పెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. నా గొంతు నమస్కారం పెట్టింది, ఆ వెంటనే కొబ్బరికాయ పగిలింది. మధ్యలో ఏమీ లేదు.

పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది. కోపంగా కూడా అనలేదు.

"అది ఊడొచ్చేసి వేళ్ళు గీరుకుపోయినియ్యే. నువ్వు పంపింది నువ్వు ఊడదన్నదే కదా అని, నా చేతిదే తప్పేమో అనుకున్నా. కమీషను కోసమని నాకు తెలవదు. నీకు కావాలంటే అడిగితే ఊరికే ఇచ్చేదాన్ని కదే."

"పెద్దమ్మా, నేను చెప్పింది మర బిగించేది..."

"అది మర బిగించేది కాదే. అడుగున రబ్బరు."

ఆవిడ చెంగు సర్దుకుని లేచి, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. వెనక వెళ్ళాను. "పదండి, నేను దింపుతాను" అన్నాను. "ఆటో ఉంది" అంది. అదే ఆవిడ నాతో అన్న చివరిమాట.

ఇంటికొచ్చి తోడికోడలిని నిలబెట్టి అడిగాను. చీర కూడా మార్చుకోలేదు.

"నేను చెప్పింది ఎందుకు కోశావు?"

"మొదట్లోనే కమీషను మాటెత్తితే జనం వెళ్ళిపోతున్నారక్కా. చూసేవాళ్ళు ఎక్కడ ఆపేస్తున్నారో నెట్టులో గీత గీసి చూపిస్తది. సరిగ్గా అక్కడే పడిపోయింది. అడుగున రాశానుగా."

"ఇంగ్లీషులో."

"అందరూ అలాగే రాస్తారు."

"రబ్బరుది ఎలా వచ్చింది? నేను కొనొద్దన్నదాన్ని నా వీడియో కిందే పెట్టావా?"

అప్పుడు తల దించుకుంది. మర బిగించేది షాపులో అయిపోయిందట. నొక్కినవాళ్ళకి సరుకు లేదని వస్తోందట. లింకు ఊరికే పోతుందని, అదే పేరుతో ఎక్కువ అమ్ముడవుతున్నది చూసి దాని లింకు మార్చి పెట్టింది. నేను వీడియోలో ఒకటి చూపించి మెచ్చుకుంటుంటే, కింద నొక్కినవాడు వేరేదాని దగ్గరికి వెళ్తున్నాడు. పెద్దమ్మకి ఆర్డరు పెట్టింది కూడా దాంట్లోంచే.

"రెండూ కోరాములేగా అక్కా. నీకు మరీ చాదస్తం" అంది. అత్తగారి ముందు అంది. మరిది ముందు అంది. అత్తగారు, "చిన్నపిల్ల, పోనిద్దూ" అన్నారు. పోనిచ్చే విషయాలు ఆ ఇంట్లో ఎప్పుడూ నావే.

ఆ పూటే ఆ లింకు తీయించాను. సరుకు లేకపోతే లేదని రాయమన్నాను. కోసేసిన వాక్యాలు మళ్ళీ అతకడం కుదరదట, ఒకసారి పెట్టాక వీడియో లోపల ముక్క కొయ్యొచ్చు గానీ కొత్త ముక్క చేర్చడానికి ఉండదట. అందుకని ఆ వీడియో తీసేయించి, మళ్ళీ కోరి, మళ్ళీ రుబ్బి, మళ్ళీ తీయించాను. వెనకటి వీడియోల కింద అన్నిటికీ మొదటి వరసలో తెలుగులో రాయించాను. నా పక్కన కూర్చోబెట్టుకుని, నేను చదివి చూశాకే తర్వాతదానికి వెళ్ళనిచ్చాను. తను ముక్కు ఎగబీలుస్తూ రాసింది. నాకు జాలి వెయ్యలేదు.

కొన్ని వారాలకి షాపువాళ్ళ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. మా ఖాతా మూసేశారు. తోడికోడలు చదివి అర్థం చెప్పింది. లింకు పెట్టినవాళ్ళు తమ లింకులోంచి తామే కొనకూడదు, తమవాళ్ళ కోసం కూడా కొనకూడదు. అలాంటి ఆర్డర్లకి వాటా లెక్కలోకి రాదు. మా ఖాతాలో అలాంటివే కనబడుతున్నాయి కాబట్టి మూసేస్తున్నాం అని.

"ఇది ముందే రాసి ఉందా?" అని అడిగాను.

"ఉందక్కా. ఒప్పందంలో ఉంది. అంతా ఎవరు చదువుతారు?"

అడుగున రాసినవి ఎవరూ చదవరని తనకి తెలిసిందే. షాపువాళ్ళు రాసినవి తనూ చదవలేదు. మా వైపు అలవాటు అలాంటిది, ఒకరి కోసం ఒకరు తెప్పించడం. దాన్ని తప్పుగా లెక్కేసేవాళ్ళుంటారని మాకు తట్టనే లేదు.

నాకు మాత్రం ఒక ఆశ పుట్టింది. అంటే, పెద్దమ్మ ఆర్డరు మీద మాకు పైసా రాలేదన్నమాట. ఆ మాట చెబితే చాలుననుకున్నాను. మరుసటి రోజే బస్సెక్కి మురమళ్ళ వెళ్ళాను. తలుపు మనవరాలు తీసింది. పెద్దమ్మ లోపల వత్తులు చేసుకుంటోంది. గుమ్మంలో నిలబడే చెప్పాను. షాపు నియమం చెప్పాను, ఖాతా మూసేశారని చెప్పాను, వాక్యాలు కోసేసింది నేను కాదని చెప్పాను, లింకు మార్చింది నేను కాదని చెప్పాను.

పెద్దమ్మ వత్తి నలుపుతూ మనవరాలితో అంది. "రాకపోవడం వేరు, వస్తదని చెప్పకపోవడం వేరని చెప్పవే. వీళ్ళ నాన్న ఉంటే తెలిసేది."

నాన్న పేరు తీసుకొచ్చింది. ఆ మాట నా పక్షాన అనాల్సింది, నా మీద అంది. చెప్పాలని ఇంట్లో అందరితో పోట్లాడింది నేనొక్కదాన్నే. చెప్పలేదన్న మాట పడిందీ నేనే. తోడికోడలు ఎవరో ఆ పందిట్లో సగంమందికి తెలియదు. గొంతు నాది కదా.

వస్తుంటే మనవరాలు ఒక సంచి తెచ్చి చేతిలో పెట్టింది. రబ్బరు కోరాము. కడిగి, తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చారు. ఆ చీర నాకు తెలుసు. చిన్నప్పుడు దాన్ని కప్పుకుని పడుకునేదాన్ని. బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ వచ్చాను. గోదావరి పాయ దాటాక గానీ ఏడుపు రాలేదు.

తర్వాత మరిది పేరుమీద ఇంకో షాపు దగ్గర నమోదు చేస్తానంది తోడికోడలు. అంతకుముందు ఒప్పందం మొత్తం చదివి వినిపించమన్నాను. వినిపించింది. బంధువులకి ఆర్డర్లు పెట్టడం మానేశాం. అడిగినవాళ్ళకి లేదని చెబితే, ఇప్పుడు గొప్పవాళ్ళయిపోయారండీ అన్నారు. అన్నవాళ్ళెవరో నాకు గుర్తుంది. ఆ మాట మాత్రం నిజం కాదు. మొదట్లోనే కమీషను సంగతి చెప్పేసరికి జనం తగ్గారు. తోడికోడలు గీత చూపించినప్పుడల్లా అది అక్కడే కిందకి దిగుతుంది. "చూశావా అక్కా" అంటుంది. "చూశాను. ఉంచు" అంటాను. మేమిద్దరం ఇప్పుడు వీడియో గురించి తప్ప మాట్లాడుకోం.

కొబ్బరి వంట చేసినప్పుడల్లా పీట మీదే కూర్చుని కోరుతున్నాను. దీనికి లింకు లేదండీ, నాకు దీనిమీద ఏమీ రాదు అని చెబుతాను. రబ్బరుది ఆ చీర ముక్కలోనే అటక మీద ఉంది.

పోయిన నెల పెద్దమ్మ మనవరాలు అమలాపురం బస్టాండులో కనబడింది. పెద్దమ్మ ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. నా వీడియోలు చూస్తోందా అని అడగకూడదనుకుంటూనే అడిగాను.

"చూస్తదండి పిన్నీ. కొత్తది వచ్చిందా అని తనే అడుగుద్ది. మీరు మొదట్లో ఆ కమీషను మాట చెప్తారు కదా, అంతవరకూ వింటది."

"తర్వాత?"

"తర్వాత ఫోను నాకిచ్చేసి లోపలికి వెళ్ళిపోద్దండి."